మోకాలికి 80 డిగ్రీలు చాలనప్పుడు

కొబ్బరిచెట్టు ఎక్కుతున్న మనిషికి పట్టు తప్పింది. యానిమేషన్ ఆగి ఫిజిక్స్ అందుకుంది. ఆ వెంటనే ముడుచుకుని ఉన్న కాళ్ళు రెండూ విసురుగా చాచుకుని చెట్టును తన్నాయి. నిలువునా కింద పడాల్సిన మనిషి వెనక్కి ఎగిరి పక్క చెట్టు దగ్గర తేలాడు. అమలాపురంలో ముగ్గురు స్నేహితులు కలిసి యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో చేసుకుంటున్న గేమ్‌లో కనబడిన తేడా ఇది. అందులో ముఖ్యపాత్ర కోనసీమ తోటల్లో కొబ్బరికాయల దింపు తీసే కార్మికుడు. మోకాళ్ళు గుండెల దాకా ముడిచి, పాదాలు చెట్టుకి తన్నిపెట్టి, ఒళ్ళు పైకి జరుపుకునే ఆ ఎక్కుడు కోసం వాళ్ళు చాలా కష్టపడ్డారు. యానిమేషన్‌లో వంక పెట్టడానికేమీ లేదు. తేడా వచ్చింది పడే దగ్గరే. అసలు కారణం వాళ్ళ కోడ్‌లో లేదు, పడేటప్పుడు ఫిజిక్స్ నడిపే కీళ్ళ బొమ్మ, అంటే రాగ్‌డాల్‌తో పాటు టూల్ ఇచ్చిన అంకెల్లో ఉంది. ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో గేముల్లో మనిషి చనిపోవడమంటే ముందే చేసిపెట్టుకున్న యానిమేషన్ ఒకటి ఆడించడమే. నేల చదునుగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. మెట్ల మీద చనిపోతే మాత్రం శవం సగం గాల్లో తేలేది, గోడ పక్కన చనిపోతే కాళ్ళు గోడలోకి దూరేవి. 1998లో వచ్చిన 'ట్రెస్‌పాసర్'లో డైనోసార్లను ముందే చేసిన యానిమేషన్ లేకుండా ఫిజిక్స్‌తోనే నడిపించే సాహసం చేశారు. అవి తాగినట్టు తూలుతూ నడిచేవి. మొత్తం భారం ఫిజిక్స్ మీద వేస్తే కుదరదని, నడక యానిమేషన్‌కి, పడటం ఫిజిక్స్‌కి వదిలెయ్యాలని తర్వాతి వాళ్ళు పంచుకున్నారు. మన సమస్య పుట్టింది ఆ పంపకంలోనే. ఎందుకంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి శరీరం మారే క్షణమంటూ ఒకటి వచ్చింది.

ఆ మార్పిడిని తేలిక చేసిన పద్ధతి 2000లో 'హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47'తో వచ్చింది. దాన్ని రాసిన థామస్ యాకబ్సన్ 2001లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో అంతా విప్పి చెప్పాడు. అందులో శరీరమంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే పొడవు మారని పుల్లలు. వెర్లే పద్ధతిలో బిందువుకి వేగం అని విడిగా ఏదీ దాచరు. ఇప్పుడున్న చోటు, ఇంతకుముందున్న చోటు దాస్తారు, ఆ రెండిటి తేడాయే వేగం. దీని లాభం గమనించాలి. యానిమేషన్ చివరి రెండు ఫ్రేముల్లో ఎముకలు ఉన్న చోట్లు తెచ్చి పెడితే చాలు, పడబోయే శరీరానికి వేగం దానంతటదే వచ్చేస్తుంది. కీళ్ళ హద్దులు కూడా సులువే. రెండు బిందువులు ఇంతకంటే దగ్గరకి రాకూడదు అని ఒక షరతు పెడితే కాలు అంతకు మించి ముడుచుకోదు.

తర్వాత కొద్ది ఏళ్ళలోనే ఒక్కో భాగాన్నీ ఆకారం మారని గట్టి ముక్కగా చూసే రిజిడ్ బాడీ ఇంజిన్లు వచ్చాయి. 'అన్‌రియల్ టోర్నమెంట్ 2003'లో కర్మ, 2004 నాటి 'హాఫ్-లైఫ్ 2'లో హావొక్. యూనిటీలో ఉన్నది ఫిజ్‌ఎక్స్. ఒక్కో ఎముకకీ క్యాప్సూల్, పెట్టె లాంటి ఒక ఆకారం, దానికి బరువు, వేగం, తిరిగే వేగం అన్నీ విడివిడిగా ఉంటాయి. కీలు హద్దు కూడా దూరంగా కాక కోణంగా మారింది. ఎముక తన చుట్టూ తాను మెలి తిరగడం ట్విస్ట్, అటూ ఇటూ ఊగడం స్వింగ్. ఇవి వచ్చాక శరీరం బరువుగా, నమ్మేటట్టుగా పడటం మొదలైంది. కానీ వెర్లేలో ఊరికే వచ్చిన రెండు సౌకర్యాలు పోయాయి: వేగం మనమే అందించాలి, కోణాల హద్దులు మనమే సరిగ్గా కొలవాలి.

ఆ కొలిచే పని తప్పించడానికే యూనిటీలో రాగ్‌డాల్ విజర్డ్ ఉంది. పొత్తికడుపు, వెన్ను, తల, చేతులు, కాళ్ళు చూపిస్తే 11 భాగాల శరీరం తయారుచేసి పెడుతుంది. మోకాలికి అది ఇచ్చే ట్విస్ట్ హద్దు -80 నుంచి 0 దాకా, తుంటికి -20 నుంచి 70 దాకా. మోకాలి మడతకి ట్విస్ట్ ఎందుకు అనిపించవచ్చు. విజర్డ్ పెట్టే కీలు పేరు క్యారెక్టర్ జాయింట్, అందులో స్వింగ్ హద్దు రెండు వైపులా సమానంగానే ఉంటుంది. మోకాలేమో ఒకవైపే మడవాలి. రెండు వైపులా వేరు వేరు అంకెలు ఇవ్వగలిగేది ట్విస్ట్‌కి మాత్రమే కాబట్టి మడత ఇరుసునే ట్విస్ట్ ఇరుసుగా తిప్పి పెట్టారు.

80 డిగ్రీలు నిలబడ్డ మనిషికి, నడిచే మనిషికి సరిపోతాయి. తుపాకీ దెబ్బకి కూలిపోయే పాత్రకైతే కాళ్ళు మరీ మెలిపడకుండా ఉండటానికి అవి మంచి అంకెలే అంటాను. కానీ గొంతుకూర్చుని వరినాట్లు వేసే మనిషికి, బాసింపట్టు వేసుకుని భోంచేసే మనిషికి, చెట్టెక్కే మనిషికి ఆ మోకాలు చాలదు. మామూలు మనిషి మోకాలు 135 డిగ్రీల పైనే మడుస్తుంది.

ఇప్పుడు అమలాపురం పాత్ర సంగతి. పట్టు తప్పే ఫ్రేములో మోకాలు 125 డిగ్రీలు, తుంటి 110 డిగ్రీలు మడిచి ఉన్నాయి. యానిమేషన్ నడుస్తున్నంతసేపూ భాగాలు కైనమాటిక్‌గా, అంటే ఫిజిక్స్ కదపకుండా యానిమేషన్ చెప్పినట్టే కదిలేలా ఉంటాయి కాబట్టి హద్దులను ఎవరూ పట్టించుకోరు. ఫిజిక్స్‌కి అప్పగించిన మరుక్షణం కీళ్ళ షరతులు అమలుచేసే సాల్వర్ చూస్తుంది: మోకాలు హద్దుకి 45 డిగ్రీలు అవతల ఉంది, తుంటి 40 డిగ్రీలు అవతల ఉంది. దాని పని హద్దులోకి లాగడమే. కొద్ది స్టెప్పుల్లోనే లాగేస్తుంది. యూనిటీలో ఫిజిక్స్ స్టెప్పు మామూలుగా 0.02 సెకను, కాబట్టి కంటికి అది తన్ను లాగానే కనిపిస్తుంది. ఎదురుగా చెట్టు మొద్దు ఉంది. పిక్క దానికి ఆని తోసేసరికి ఒళ్ళంతా వెనక్కి ఎగిరింది.

ఇలాంటప్పుడు తప్పు హద్దులదా, ఒకదాంట్లో ఒకటి దూరిన క్యాప్సూళ్ళదా అన్నది చూడటానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. గ్రావిటీ సున్నా చేసి, వేగాలేవీ ఇవ్వకుండా, చెట్టుకి ఢీకొట్టే ఆకారంగా పెట్టిన కొలైడర్ తీసేసి, అదే పోజులో రాగ్‌డాల్ ఆన్ చెయ్యాలి. అన్నీ సవ్యంగా ఉంటే బొమ్మ గాల్లో కదలకుండా నిలబడాలి. కదిలిందంటే భాగాల మధ్య ఢీకొట్టడం మొత్తం ఆపేసి మళ్ళీ చూడాలి. అప్పటికీ కదిలితే హద్దులదే దోషం. వీళ్ళ బొమ్మలో రెండూ ఉన్నాయి. మోకాలు గుండెల దాకా వచ్చేసరికి తొడ క్యాప్సూల్ వెన్ను పెట్టెలోకి దూరింది. కీలుతో నేరుగా కలిసిన భాగాలు ఢీకొట్టుకోవు గానీ తొడ కలిసింది పొత్తికడుపుతో, వెన్నుతో కాదు. అలా దూరిన భాగాలను ఇంజిన్ సెకనుకి 10 మీటర్ల వేగం దాకా విడదీయగలదు. `Physics.IgnoreCollision`తో తొడలనీ వెన్నునీ విడదీస్తే ఆ సగం పోయింది.

మిగతా సగానికి హద్దు వదులు చెయ్యాలి. అలాగని శాశ్వతంగా 140 పెట్టేస్తే నేల మీద పడ్డాక కాళ్ళు గుడ్డమూటలా ముడుచుకుంటాయి, చూడ్డానికి బాగోదు. అందుకని అప్పగించే క్షణంలో వదులుగా ఉంచి, పడుతున్న దారిలో నెమ్మదిగా బిగించారు. కింద t అంటే పట్టు తప్పాక గడిచిన సెకన్లు.

```csharp
var lim = knee.lowTwistLimit;
lim.limit = Mathf.Lerp(-140f, -80f, t / 0.6f);
knee.lowTwistLimit = lim;
```

ఇక్కడ ఇంకో గోతి ఉంది, దారినపోతూ చెప్పేస్తాను. ఈ కోణాలన్నీ కీలు తయారైనప్పటి పోజు నుంచి లెక్క. వాడనప్పుడు గేమ్‌ఆబ్జెక్ట్‌ని ఆపేసి, పడేటప్పుడు మళ్ళీ ఆన్ చేస్తే ఆ కొత్త పోజే సున్నా అయిపోతుంది. అప్పుడు మోకాలు చాచుకోలేదు, ఇంకా లోపలికే మడుస్తుంది. ఆపాల్సింది ఆబ్జెక్ట్‌ని కాదు, కైనమాటిక్ టిక్ పెట్టి ఉంచాలి.

తన్ను పోయాక వేగం సంగతి బయటపడింది. చెట్టు మీద ఒళ్ళు పైకి లాగుకుంటున్న మనిషి పట్టు తప్పితే ఒక క్షణం పైకి వెళ్ళే ఊపు మిగలాలి. కైనమాటిక్ నుంచి మారిన భాగాలు సున్నా వేగంతో మొదలవుతాయి కనుక బొమ్మ టక్కున ఆగి, అక్కణ్ణుంచి జారినట్టు ఉంటుంది. యాకబ్సన్ పద్ధతిలో ఊరికే వచ్చినదాన్ని ఇక్కడ చేత్తో రాసుకోవాలి. రెండు ఫ్రేముల చోట్లు కొలిచేది బరువు కేంద్రం దగ్గర, ఎముక మొదట్లో కాదు.

```csharp
body.isKinematic = false;
body.linearVelocity = (comNow - comPrev) / dt;
```

ముందు కైనమాటిక్ తీసేసి తర్వాతే వేగం ఇవ్వాలి. యూనిటీ 6కి ముందైతే ఆ పేరు `velocity`. తిరిగే వేగం కూడా ఇలాగే, రెండు ఫ్రేముల తిరుగుడు తేడా నుంచి.

ఇక కలపడం. ఫిజిక్స్ పోజునీ యానిమేషన్ పోజునీ 0.2 సెకను పాటు మెల్లగా కలిపితే చాలు కదా అని చాలామంది మొదట చేస్తారు. నేల మీద తూలి పడే పాత్రకి అది పనిచేస్తుంది. చెట్టు మీద పనిచేయదు. 0.2 సెకనులో శరీరం దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి వచ్చేస్తుంది, యానిమేషన్ మాత్రం ఇంకా చెట్టునే పట్టుకుని ఉంటుంది. ఆ రెండిటినీ కలిపితే మనిషి రబ్బరుతో వేలాడుతున్నట్టు ఉంటుంది. అందుకే పొత్తికడుపు చోటుని మొదటి స్టెప్పు నుంచే పూర్తిగా ఫిజిక్స్‌కి వదిలి, మిగతా ఎముకల తిరుగుడు మాత్రమే కలపాలి.

అంతకంటే మంచి దారి కీళ్ళకి మోటారు పెట్టడం. శరీరం ఫిజిక్స్‌దే, కానీ కీళ్ళు యానిమేషన్ పోజు వైపు లాగుతుంటాయి. పడుతూ కూడా చేతులు చాచి తంటాలుపడే మనుషులను 2008లో యూఫోరియా అనే టెక్నాలజీతో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4' జనానికి అలవాటు చేసింది. అది వేరే స్థాయి పని. దానిలో చిన్న ముక్కని యూనిటీలో క్యారెక్టర్ జాయింట్ బదులు కాన్ఫిగరబుల్ జాయింట్ పెట్టి, దాని `slerpDrive` అనే మోటారుతో చేసుకోవచ్చు. దాని బలం ఎంతసేపట్లో తగ్గాలన్నదే ప్రశ్న. అంబాజీపేట వైపు దింపు తీసే ఒకాయన్ని మా కుర్రాళ్ళు అడిగితే, "చేతులు వదలవండి, మొద్దుని గీసుకుంటానే వస్తామండి, కాళ్ళే ముందు వదిలేస్తాయి, ఆయ్" అన్నాడట. అదే చేశారు. కాళ్ళ బలం 0.3 సెకనులో సున్నాకి దించారు, భుజాలూ మోచేతులూ 0.8 సెకను దాకా మొద్దు వైపే లాగుతుంటాయి. ఇప్పుడు బొమ్మ గోనెసంచిలా కాక, మనిషిలా పడుతోంది.

ఈ సమయాలు ఎత్తుని బట్టి మారతాయి. 8 మీటర్ల మీద నుంచి నేల చేరడానికి సుమారు 1.28 సెకన్లు పడుతుంది. హద్దు బిగింపు, మోటారు తగ్గింపు రెండూ నేల తగిలేలోపే అయిపోతాయి. ఆ ఎత్తు నుంచి చివరి వేగం సెకనుకి 12.5 మీటర్లు, అంటే ఒక్క స్టెప్పులో 25 సెంటీమీటర్లు. సన్నటి మోచేతి క్యాప్సూల్ పలచటి నేల కొలైడర్‌ని తాకకుండానే దాటిపోగలదు కాబట్టి భాగాలకి స్టెప్పుల మధ్య దారిని కూడా చూసే కంటిన్యూయస్ కొలిజన్ పెట్టారు. చిక్కు తక్కువ ఎత్తులోనే ఉంది. ఒక మీటరు మీద నుంచి పడితే 0.45 సెకనులోనే నేల తగులుతుంది. అప్పటికి మోకాలి హద్దు ఇంకా బిగుసుకుంటూనే ఉంటుంది. నేల మీద ఆనిన కాలు దానంతటది చాచుకుని ఒంటిని పక్కకి తోస్తుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పద్ధతి చిన్నదే: ఏ భాగమైనా నేలని తాకగానే బిగింపు అక్కడితో ఆగిపోతుంది, హద్దు ఎంత దాకా వచ్చిందో అంతే ఉంటుంది. తక్కువ ఎత్తు నుంచి పడ్డప్పుడు కాళ్ళు కాస్త ఎక్కువ ముడుచుకుని ఉంటాయి, దాన్ని అలాగే వదిలేశారు.