దిష్టి తీసేటప్పుడు ఎవరి పేరూ ఎందుకు చెప్పరు?

కావలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, పిల్లోడు పాలు తాగకుండా ఊరికే ఏడుస్తుంటే దీపాలు పెట్టే వేళకు దిష్టి తీసేవాళ్లు. గుప్పెట్లో రాళ్లుప్పు, నాలుగు ఎండు మిరపకాయలు పట్టుకుని పిల్లోడి చుట్టూ ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పేది అమ్మమ్మ. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంట్లోవాళ్ల దిష్టి, నా దిష్టి..." అంటూ అవి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. మంట బాగా మండుతుంటే మిరపకాయ కాలిపోయి ఘాటు తక్కువొస్తుంది, నిప్పుల మీద మాడితేనే ఇల్లంతా దగ్గులు.

నన్ను ఆపేసేది ఆ "నా దిష్టి" అన్న మాట. తన కన్ను కూడా తగలొచ్చని అమ్మమ్మ ముందే ఒప్పుకుంటోంది.

ఇది మన ఒక్కరి భయం కాదు. దాదాపు 1900 ఏళ్ల కిందట గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక విందులో జరిగిన చర్చ రాశాడు. కంట్లోంచి ఏదో వెలువడుతుందని, అసూయతో నిండిన మనసు దాన్ని విషం చేస్తుందని అక్కడ వాదన. కొందరు తండ్రుల చూపు మంచిది కాదని, భార్యలు పసిబిడ్డను వాళ్ల ముందు ఎక్కువసేపు ఉంచరని కూడా అందులో ఉంది. లాటిన్‌లో అసూయకు వాడే 'ఇన్విదియా' అన్న మాట పుట్టిందే చూడటం అన్న ధాతువులోంచి. మన దిష్టి కూడా దృష్టే కదా. మెక్సికోలో బిడ్డను మెచ్చుకున్నవాళ్లు ఒకసారి ముట్టుకుంటే దోషం పోతుందంటారు, తగిలిందనుకుంటే కోడిగుడ్డుతో ఒళ్లంతా తుడిచి నీళ్లలో పగలగొట్టి చూస్తారు.

ఆ మెక్సికో పల్లెల్లోనే పనిచేసిన మానవశాస్త్రవేత్త జార్జ్ ఫాస్టర్ 1965లో ఒక సంగతి చెప్పాడు. రైతుల ఊళ్లో భూమి, నీళ్లు, అదృష్టం అన్నీ ఇంతే ఉన్నాయని, ఒకరికి ఎక్కువొస్తే అది ఇంకొకరి వాటాలోంచి పోయినట్టేనని మనుషులు అనుకుంటారట. ఇక్కడ ఒకే కాలువ కింద పక్కపక్కన వరి వేసేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఎక్కడో ఉన్న కోటీశ్వరుడి మీద మనకు కుళ్లు రాదు, గట్టు అవతలి చేను మనకంటే పచ్చగా ఉంటేనే వస్తుంది. అందుకే దిష్టిబొమ్మ పక్కచేలోంచి కనపడేలా పెడతారు.

అయినా అమ్మమ్మ ఎవరి పేరూ ఎత్తలేదు. అందరి దిష్టీ కలిపి పొయ్యిలో వేసింది కాబట్టి మర్నాడు పక్కింటామె మజ్జిగకి వస్తే మామూలుగానే పోసింది. ఫలానా ఆమె చూపే తగిలిందని వేలు పెట్టి చూపిస్తే కథ వేరు. ఆ వేలు ఎక్కువగా పిల్లల్లేని ఆడమనిషి వైపో, భర్త పోయిన మనిషి వైపో తిరుగుతుంది, పేరంటానికి పిలవడం మానేస్తారు. పసిబిడ్డ పాలు మానేసి, జ్వరంతో మగతగా ఉంటే, ఉప్పు తిప్పినా తిప్పకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా పిల్లోడు అలా పాలు తాగకుండా ఏడ్చినప్పుడు, వాడి చెవిలో చీము పట్టి ఉంది.