ఫోన్‌తో తీసిన వీడియోనా, స్టూడియో యాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

సొంత వెబ్‌సైట్ నుంచి నేరుగా కస్టమర్‌కి అమ్మే బ్రాండ్లకి వీడియో యాడ్స్ చేయించడం, వాటిని టెస్ట్ చేయడం నా పని. ఫోన్‌తో తీసిన వీడియో, స్టూడియో యాడ్, ఈ రెండింట్లో ఏది మేలు అన్న ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కానీ ఆ జవాబు ఇచ్చిన టెస్ట్ ఎలా జరిగిందో అడిగితే, అసలు విషయాన్ని కొలవనే లేదని తెలుస్తుంది.

అపోహ: చేత్తో పట్టుకుని తీసినది సహజంగా ఉంటుంది, అందుకే అమ్ముతుంది.

సోఫా కవర్లు అమ్మే బ్రాండ్ ఒకటి ఉందనుకుందాం. స్టూడియో యాడ్‌లో అందంగా సర్దిన గది, మెల్లగా కదిలే కెమెరా, చివర్లో లోగో. క్రియేటర్ ఫోన్‌తో తీసిన వీడియోలో మొదటి సెకనులోనే ఒక చెయ్యి కవర్ అంచుని పట్టుకుని సోఫా మూల మీదకి లాగుతుంది, మిగిలిన గుడ్డని సీటు వెనక సందులోకి దోపేస్తుంది. 'మా సోఫాకి పడుతుందా?' అన్న అనుమానం అక్కడే తీరిపోతుంది. ఈ వీడియోకి ఆర్డర్లు ఎక్కువొస్తే, ఆ ఘనత ఫోన్ కెమెరాదా, ఆ డెమోదా?

తేల్చుకోవాలంటే నాలుగు వీడియోలు కావాలి. డెమో స్క్రిప్టుని ఫోన్‌తో ఒకసారి, స్టూడియోలో ఒకసారి తీయాలి. అందమైన గది స్క్రిప్టుని కూడా అలాగే రెండు రకాలుగా తీయాలి. నిడివి, 9:16 ఫ్రేమ్, ఆఫర్, ల్యాండింగ్ పేజీ అన్నిటికీ ఒకటే ఉండాలి. ఒక యాడ్ క్రియేటర్ పేరు మీద, మరొకటి బ్రాండ్ పేరు మీద వెళ్తే అదీ తేడా తెస్తుంది, కాబట్టి అన్నీ ఒకే పేజీ నుంచి వెళ్లాలి. నాలుగింటికి బడ్జెట్ లేకపోతే డెమో స్క్రిప్టునైనా రెండు రకాలుగా తీయండి. ఈ ఒక్క పోలికా చాలా వాదనలకి తెర దించుతుంది.

అపోహ: రెండూ ఒకే యాడ్ సెట్‌లో పెడితే గెలిచిందేదో ప్లాట్‌ఫామే చెబుతుంది.

చెప్పదు. మొదట్లో కాస్త స్పందన వచ్చిన వీడియో వైపు బడ్జెట్ జరిగిపోతుంది, రెండోదానికి అవకాశమే సరిగ్గా దొరకదు. యాడ్స్ మేనేజర్‌లో ఉన్న A/B టెస్ట్ ఆప్షన్‌తో జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టడం నయం. దానికీ ఒక పరిమితి ఉంది. ఎవరు స్పందిస్తారనిపిస్తే వాళ్లకే ప్లాట్‌ఫామ్ ఆ వీడియో చూపిస్తుంది కాబట్టి, రెండు గుంపుల్లోనూ చూసినవాళ్లు ఒకే రకం మనుషులు కాకపోవచ్చు. ఫలితం వీడియోది మాత్రమే కాదు, అది ఎవరికి చేరిందన్నది కూడా అందులో కలిసి ఉంటుంది.

అపోహ: క్లిక్కులు ఎక్కువొస్తే అదే విన్నర్.

ఇక్కడే డబ్బు ఎక్కువగా పోతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి రెండు వీడియోలకీ ఒకే ఖర్చు, చెరో లక్ష ఇంప్రెషన్లు అనుకుందాం. ఫోన్ వీడియోకి 1,500 క్లిక్కులు, 30 ఆర్డర్లు. స్టూడియో వీడియోకి 900 క్లిక్కులు, 27 ఆర్డర్లు. క్లిక్కుల్లో తేడా నిజమైనదే. ఆర్డర్ల తేడా మాత్రం లెక్కలోకి రాదు. మొత్తం ఆర్డర్లు 57, దాని వర్గమూలం సుమారు 7.5, ఊరికే యాదృచ్ఛికంగానే అంత తేడా రావచ్చు. తేడా దానికి రెట్టింపు, అంటే 15 దాకా ఉంటే తప్ప నేను విన్నర్ అన్న మాట వాడను. ఇక్కడ ఉన్నది మూడే.

ఈ అంకెలు ఇంకో సంగతి చెబుతున్నాయి. ఫోన్ వీడియో నుంచి వచ్చిన వంద మందిలో ఇద్దరు కొన్నారు, స్టూడియో నుంచి వచ్చిన వందలో ముగ్గురు. అప్పుడు నేను మొదట ల్యాండింగ్ పేజీ తెరిచి చూస్తాను. కవర్ తొడగడం చూసి వచ్చిన మనిషికి అక్కడ కనిపించేవన్నీ స్టూడియో ఫొటోలే అయితే, చూసినదానికీ దొరికినదానికీ పొంతన ఉండదు. ఆ డెమో క్లిప్పునే పేజీ పైన పెట్టి టెస్ట్ మళ్లీ నడపాలి. వీడియోని తప్పుపట్టడం ఆ తర్వాత సంగతి.

అపోహ: ఫోన్ వీడియోకి ప్రిపరేషన్ అక్కర్లేదు.

చెయ్యి కాస్త వణికినా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం ఉండరు. కాబట్టి కాలర్ మైక్ తప్పనిసరి. అంతకన్నా ముఖ్యం రంగు. పసుపు బల్బు కింద ఫోన్ తనంతట తానే రంగు సర్దుకుంటుంది, అది సరిగ్గా కుదరకపోతే బూడిద రంగు కవర్ గోధుమ రంగులా కనిపిస్తుంది. ఆర్డర్లు బాగానే వస్తాయి, తర్వాత 'రంగు వేరేగా ఉంది' అంటూ పార్సిళ్లు వెనక్కి వస్తాయి. పగటిపూట కిటికీ పక్కన, రంగు మారకుండా వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి తీయమని క్రియేటర్‌కి ఇచ్చే బ్రీఫ్‌లో రాయండి. ఏ ఆర్డరు ఏ వీడియో నుంచి వచ్చిందో ట్యాగ్ పెట్టుకోండి. రిటర్న్ గడువు ముగిశాక వెనక్కి వచ్చినవి తీసేసి, మిగిలిన ఆర్డర్ల మీద మళ్లీ లెక్క వేస్తేనే ఏ వీడియోతో ఒక్కో ఆర్డర్‌కి ఎంత ఖర్చయిందో తెలుస్తుంది.