మాటలు మారిస్తే సొంత మాటలు కావు: టర్మ్ పేపర్ రాసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

సెమిస్టర్ ఆఖరులో టర్మ్ పేపర్ల కట్ట విప్పితే ఒకే రకం పేరా పదే పదే తగులుతుంది. అందులో మాటలన్నీ మారి ఉంటాయి, వాక్యం మాత్రం కదలదు. అది రాసిన పిల్లలు దొంగతనం చేయాలనుకున్నవాళ్లేం కాదు. ‘సొంత మాటల్లో రాయండి’ అంటే పక్కన నిఘంటువు పెట్టుకుని మాటకు మాట మార్చడమే అనుకున్నారు, రాత్రంతా కూర్చుని కష్టపడి మార్చారు. అంత కష్టపడ్డ పేపరుకే ‘కాపీ’ అన్న మాట పడుతుంది. అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే.

అపోహ: ప్రతి మాటకూ పర్యాయపదం వేస్తే అది మన రాతే.

ఒక పేరా తీసుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం ఇక్కడే రాసింది. దీన్నే మూలం అనుకోండి:

“అనంతపురం జిల్లా పడమటి కనుమల వానచాటున ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరుతాయి. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానా పూర్తిగా అందదు. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే వాన మొత్తం తక్కువ కావడం కంటే, రెండు వానల మధ్య వచ్చే సుదీర్ఘ విరామమే రైతును ఎక్కువగా దెబ్బతీస్తుంది. వేరుశనగ ఊడలు దిగే దశలో ఆ విరామం వస్తే నేల గట్టిపడి ఊడలు లోపలికి పోలేవు, కాయల సంఖ్య తగ్గుతుంది.”

కట్టలో కనిపించే రకం ఇలా ఉంటుంది:

“అనంతపురం జిల్లా పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందువల్ల నైరుతి ఋతు గాలులు ఇక్కడికి శక్తి తగ్గి చేరుకుంటాయి. తూర్పు కోస్తాకు ఎడంగా ఉన్నందున ఈశాన్య ఋతు గాలుల వర్షమూ సంపూర్ణంగా లభించదు. సాలీనా సాధారణ వర్షపాతం దాదాపు 550 మి.మీ. అయినప్పటికీ వర్షం మొత్తం తగ్గడం కన్నా...”

రెండూ పక్కపక్కన పెట్టి వేలితో చదవండి. మొదటి వాక్యం ‘వల్ల’తో తిరిగింది, ఇక్కడా ‘వల్ల’తోనే తిరిగింది. ఆ తర్వాత తీరం, ఆ తర్వాత సగటు, చివరికి ‘కంటే’ బదులు ‘కన్నా’. ఏది ముందు చెప్పాలి, దేన్ని దేనికి కారణంగా చూపాలి అని ఆలోచించిన పని అంతా మూల రచయితదే. రంగు మార్చినంత మాత్రాన బండి మనది కాదు కదా. కింద రచయిత పేరు వేసినా ఈ లోపం పోదు. పేరు వేస్తే ‘ఈ విషయం ఆయనది’ అని చెప్పినట్టు. వాక్యం కూడా ఆయనదే అని చెప్పాలంటే కొటేషన్ గుర్తులు ఉండాలి. గుర్తులు లేవంటే రాత నీదని అర్థం.

పైగా ఈ మార్పుల్లో తప్పులు దూరాయి. ‘రుతుపవనాలు’ శాస్త్రంలో స్థిరపడ్డ పేరు, దాన్ని ‘ఋతు గాలులు’ చేయాల్సిన పని లేదు. ‘సగటు’ను ‘సాధారణ’ చేయడం ఇంకా ప్రమాదం. వాతావరణ శాఖ లెక్కల్లో ‘సాధారణ వర్షపాతం’ అంటే చాలా ఏళ్ల రికార్డుల నుంచి తేల్చిన ఒక నిర్దిష్ట ప్రమాణం. మూలంలో అదే ఉద్దేశమో కాదో తెలియకుండా ఆ మాట వాడకూడదు. పారిభాషిక పదాలు, అంకెలు, ఊళ్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. వాటికి కాపీ దోషం అంటదు. (ఇంట్లో ‘బుడ్డలు’ అంటామని పేపర్లో వేరుశనగను బుడ్డలు చేసినవాళ్లూ ఉన్నారు. నోరూరుతుంది గానీ మార్కు పెరగదు.)

మరి చేయాల్సిందేమిటి? పేరాను రెండుసార్లు చదవాలి, పుస్తకం మూయాలి. ఓ పది నిమిషాలు వేరే పని చూసుకుని, గుర్తున్నది ముక్కలుగా రాయాలి. వాక్యాలు వద్దు, ముక్కకు నాలుగైదు మాటలు చాలు. ‘వానచాటు, నైరుతి బలహీనం’. ‘తీరం దూరం, ఈశాన్యం అరకొర’. ‘సగటు 550’. ‘మొత్తం కంటే విరామం ముఖ్యం’. ‘ఊడల దశ, గట్టి నేల, తక్కువ కాయలు’. పైన పుస్తకం పేరు, పేజీ నంబరు అప్పుడే వేయాలి. తర్వాత వెతుక్కుందాంలే అంటే దొరకదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ ఐదింటిలో నా పేపరుకు కావాల్సింది ఏది? పేపరు వేరుశనగ దిగుబడి గురించైతే చివరి రెండే ప్రాణం, కనుమలూ తీరమూ నేపథ్యం. కాబట్టి ఆ రెండింటితోనే మొదలుపెట్టాలి:

“అనంతపురంలో వేరుశనగకు వాన ఎంత కురిసిందన్నదానికంటే ఎప్పుడు ఆగిందన్నది ముఖ్యమని మూల రచయిత అభిప్రాయం. ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే నేల బిగుసుకుంటుంది, ఊడకు దారి ఉండదు, ఆ మేరకు కాయలు తగ్గుతాయి. రెండు రుతుపవనాలూ అరకొరగానే అందే ఈ జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. (రచయిత ఇంటిపేరు, సంవత్సరం, పేజీ).”

వరుస మారింది, వాక్యాల నిర్మాణం మారింది, అర్థం నిలిచింది. ‘మూల రచయిత అభిప్రాయం’ అని మొదట్లోనే ఉంది కాబట్టి అరువు ఎక్కడ మొదలైందో, బ్రాకెట్ దగ్గర ఎక్కడ ముగిసిందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

రాశాక మూలం తెరిచి పోల్చడం తప్పనిసరి. మాటల వరుస ఎక్కడైనా అలాగే దిగిందా అని మాత్రమే కాదు, అర్థం జారిందా అనీ చూడాలి. మన సీమ పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. మూలం ‘తక్కువ వాన కంటే విరామం ఎక్కువ దెబ్బ’ అంటే, ‘తక్కువ వాన సమస్యే కాదు’ అని రాసేస్తారు. ఇంకొకరు ఇంట్లో సేద్యం చూసినవాళ్లు కాబట్టి ‘చెట్టు పచ్చగానే ఉంటుంది గానీ కాయ ఉండదు’ అని కలుపుతారు. అది నిజమే కావచ్చు, కానీ మూలంలో లేదు. ఆ మాట బ్రాకెట్ తర్వాత, నీ పరిశీలనగా రావాలి.

అపోహ: పది శాతం లోపు, లేదా వరుసగా 14 మాటల లోపు కాపీ చేయొచ్చు.

హాస్టల్ గదుల్లో పుట్టి వాట్సాప్‌లో పెరిగిన మాట ఇది. ఆ రెండు అంకెలూ యూజీసీ 2018 నిబంధనల్లోవే. కానీ 14 మాటల మినహాయింపు అందరికీ తెలిసిన విషయాలకు, యాదృచ్ఛికంగా కలిసే పదాలకు మాత్రమే. పది శాతం మెట్టు థీసిస్‌ల వంటి వాటికి శిక్షలు తేల్చడం కోసం పెట్టింది. అసలు ఆ నిబంధనల పరిధి నుంచి అసైన్‌మెంట్లనూ టర్మ్ పేపర్లనూ పేరు పెట్టి మరీ మినహాయించారు. మీ పేపరు సంగతి తేల్చేది మీ కాలేజీ, మీ సార్ లేదా మేడమ్. అంకె కావాలంటే వాళ్లనే అడగండి.

అపోహ: ఇంగ్లిష్ పేరాను తెలుగులో పెడితే అది కొత్త రాత.

కాదు. అది అనువాదం, దానికీ మూలం చెప్పాల్సిందే.

అపోహ: నా తెలుగు అంత బాగుండదు, రచయిత మాటలే నయం.

భయం అర్థమవుతుంది. కానీ టర్మ్ పేపర్లో వాక్యం అందంగా ఉండనక్కర్లేదు, విషయం అర్థమైందని తెలిస్తే చాలు. ముక్కల నోట్సు నుంచి ఒక్క వాక్యమూ రావడం లేదంటే లోపం భాషలో కాదు, పేరా ఇంకా అర్థం కాలేదన్నమాట. మళ్లీ చదవండి. నిజంగానే మార్చలేని పదునైన మాట ఒకటి ఉంటే దాన్ని కొటేషన్‌లో పెట్టండి, ఒక్క వాక్యానికి మించకుండా.

కావాలని కాపీ చేయనివాళ్లు కూడా పడే గొయ్యి ఇంకొకటి ఉంది, అది నోటు పుస్తకం. లైబ్రరీలో బాగుందని మూడు లైన్లు ఉన్నదున్నట్టు ఎక్కిస్తారు. మూడు వారాల తర్వాత తమ చేతిరాతే చూసి తమ వాక్యమే అనుకుంటారు. ఉన్నదున్నట్టు ఎక్కించిన ప్రతిదానికీ అక్కడే, పెన్ను తీయకముందే, రెండు వైపులా కొటేషన్ గుర్తులు వేసి పేజీ నంబరు రాయండి. సొంత ఆలోచనలకు వేరే రంగు ఇంకు వాడండి.