గుండె ఆకారపు బిళ్లలో 99 శాతం సీసం

2006లో అమెరికాలోని మినియాపొలిస్‌లో నాలుగేళ్ల బాబును వాంతులతో ఆస్పత్రికి తీసుకొచ్చారు. కడుపులో వైరస్ అనుకుని ఇంటికి పంపేశారు. తగ్గకపోవడంతో మళ్లీ తెచ్చారు. ఈసారి ఎక్స్‌రేలో కడుపులో గుండె ఆకారపు వస్తువు ఒకటి కనిపించింది. రక్తంలో సీసం డెసిలీటరుకు 180 మైక్రోగ్రాములు ఉంది. ఇప్పుడు అమెరికాలో పిల్లల రక్తంలో 3.5 దాటితేనే ఆరా తీస్తారు. మెదడు వాచి ఆ బాబు చనిపోయాడు. మింగింది రీబాక్ బూట్లతో ఉచితంగా ఇచ్చిన బ్రేస్‌లెట్‌కు వేలాడే బిళ్ల. ల్యాబ్‌లో చూస్తే అందులో 99.1 శాతం సీసమే. ఆ తర్వాత అలాంటి బ్రేస్‌లెట్లు మూడు లక్షలు వెనక్కి పిలిపించారు.

అదే బిళ్ల చేతికి ఉన్నంతసేపూ పెద్దగా ఏమీ చేయదు. లోహరూపంలోని సీసం చర్మంలోంచి దాదాపు లోపలికి పోదు. కడుపులోకి వెళ్తేనే కథ మారుతుంది. అక్కడి ఆమ్లం లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, బిళ్ల ఎంతసేపు ఆగితే అంత కరుగుతుంది. పెద్దవాళ్ల పేగులు మింగిన సీసంలో పదో వంతు పీల్చుకుంటే, చిన్నపిల్లల పేగులు సగం దాకా పీల్చుకుంటాయి. మింగకపోయినా, రోజూ నోట్లో పెట్టుకుని చప్పరిస్తే మెల్లగా అదే జరుగుతుంది.

మరి ఇంత ప్రమాదకరమైన లోహాన్ని నగల్లో ఎందుకు పోస్తారు? చవక, పైగా పని సులువు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అచ్చులో సన్నని గీతల్లోకి కూడా చక్కగా పారుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, ఖరీదైన నగలా ఉంటుంది. పైన పల్చగా బంగారు రంగు పూత వేస్తే సరి.

సీసం మీద నిబంధనలు బిగిశాక కొందరు తయారీదారులు కాడ్మియంకు మారారు. అది 321 డిగ్రీలకే కరుగుతుంది. 2010 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అమెరికా షాపుల్లోని పిల్లల నగలను పరీక్ష చేయిస్తే, ఒకదానిలో కాడ్మియం 91 శాతం తేలింది. ఒక విషాన్ని ఆపితే పక్కనున్న విషం ఆ చోటులోకి వచ్చిందన్నమాట. కాడ్మియం మూత్రపిండాల్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. మనకిది కొత్త లోహమేం కాదు. కేడీఎం నగల టంకంలో కలిపేది ఇదే. అక్కడ దెబ్బ తగిలేది వేసుకున్నవాళ్లకు కాదు, టంకం పెట్టేటప్పుడు ఆ పొగ పీల్చే కంసాలికి.

కంటితో చూసి కనిపెట్టగలమా? కొంతవరకే. పూత లేచిన చోట మసక బూడిదరంగు కనబడి, తెల్ల కాగితం మీద రుద్దితే పెన్సిల్ గీతలా పడితే, సైజుకు మించి బరువుంటే సీసాన్ని అనుమానించాలి. గీత పడకపోతే సీసం లేనట్టు మాత్రం కాదు. రంగు మారే టెస్ట్ కిట్లు పూత కింద ఉన్న సీసాన్ని చాలాసార్లు పట్టలేవు, కాడ్మియం సంగతి అసలే చెప్పవు. ఖాయంగా తేల్చేది ల్యాబే. ‘నికెల్ ఫ్రీ’ అన్న లేబుల్ చూసి ధీమా పడేవాళ్లున్నారు. దురద పెట్టే నికెల్ లేదనే దాని అర్థం, సీసం, కాడ్మియంల గురించి అందులో ఒక్క ముక్కా ఉండదు. జర్మన్ సిల్వర్‌లోనూ వెండి ఉండదు, రాగి, నికెల్, జింకే.

అందుకే ఇంకా నోట్లో వస్తువులు పెట్టుకునే వయసు పిల్లలకు, ఏ లోహమో తెలియని పోత బిళ్లలు, లాకెట్లు వద్దనడమే నా లెక్క. జాతరలో కొన్న సెట్ అయినా, ఆన్‌లైన్లో వంద రూపాయలకు వచ్చిందైనా ఒకటే. హాల్‌మార్క్ ఉన్న వెండి మేలు, లేదంటే స్టెయిన్‌లెస్ స్టీలు. దారం, గుడ్డతో చేసినవి ఇంకా నయం. ఏవైనా సరే, ఊడిపోయే చిన్న ముక్కలు ఉండకూడదు, పసివాళ్ల మెడలో నిద్రలో ఏమీ ఉంచకూడదు.

పెద్దవాళ్లకు అంత టెన్షన్ అక్కర్లేదు. పెళ్లికి ఒక పూట రోల్డుగోల్డు హారం వేసుకుంటే సీసం ఒంట్లోకి ఎక్కదు. కొనేటప్పుడు లోపలి లోహం ఏమిటని అడగండి. రాగి, ఇత్తడి అని చెప్పి బిల్లు మీద రాసిచ్చే షాపును నమ్మొచ్చు. జాగ్రత్తపడాల్సింది చంటిపిల్లల తల్లులు: ఎత్తుకోగానే బిడ్డ మొదట నోట్లో పెట్టుకునేది మెడలోని గొలుసే. పూత పోయిన పాత గిల్టు నగలను ఆడుకోమని పాపకు ఇచ్చేయడం మన ఇళ్లల్లో మామూలే. పూత దెబ్బతిన్న నగలోంచి విషం ఇంకా ఎక్కువగా బయటికొస్తుంది కాబట్టి, ఇవ్వకూడనిది సరిగ్గా అదే.

పిల్లలు లోహపు బిళ్ల మింగారని అనుమానం వస్తే, బయటికి అదే వస్తుందిలే అని అరటిపండు పెట్టి ఎదురుచూడొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, మింగింది చవక నగలోని ముక్క అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. సెట్‌లో మిగిలిన నగ ఉంటే వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రేతో పాటు రక్తంలో సీసం పరీక్ష కూడా అడగండి.