కాంప్లిమెంట్ తప్పేది బ్రాకెట్ దగ్గరే: ఈ గొడవ వెనక కథ

పొడుగాటి బూలియన్ ఎక్స్‌ప్రెషన్‌ని ఇన్వర్ట్ చెయ్యాలంటే పైనున్న బార్‌ని ఒక్కో లెవెల్ విరగ్గొట్టుకుంటూ పోవాలా, లేకపోతే +, · గుర్తుల్ని అటూఇటూ మార్చి డ్యూయల్ తీసి, లిటరల్స్ తిప్పేస్తే చాలా అనే వాదన మళ్ళీ మొదలైంది. షార్ట్‌కట్ వాడితే ఆన్సర్లు తప్పొస్తున్నాయని మొదటి వాళ్ళ కంప్లైంట్. తప్పొస్తున్న మాట నిజమే, కానీ దానికి కారణం షార్ట్‌కట్ కాదు.

బూల్, డీమోర్గాన్ సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవట్లేదు. అసలు మలుపు 1938లో క్లాడ్ షానన్ రిలే సర్క్యూట్ల మీద రాసిన పేపర్. డీమోర్గాన్ రూల్‌ని రెండు టర్మ్స్ దగ్గర ఆపకుండా, ఎంత నెస్టింగ్ ఉన్నా ఒకేసారి పనిచేసేలా చెప్పాడు: ప్రతి వేరియబుల్‌నీ దాని కాంప్లిమెంట్‌తో మార్చు, + ని · తో, · ని + తో మార్చు. దాంతోపాటే ఇంకో మాట కూడా అన్నాడు, పైకి కనిపించే బ్రాకెట్లే కాదు కనిపించని బ్రాకెట్లు కూడా ఎక్కడివక్కడే ఉండాలని. ఆయన ముందున్నవి రిలే కాంటాక్టులు కదా, సిరీస్ పారలెల్ అవుతుంది, పారలెల్ సిరీస్ అవుతుంది, మామూలుగా తెరుచుకుని ఉండే కాంటాక్ట్ మూసుకుని ఉండేది అవుతుంది, కానీ ఏది ఏ గ్రూపులో ఉందో అది మారకూడదు. ఈరోజు గొడవంతా ఆ రెండో మాట మర్చిపోవడం వల్లే అని నా అభిప్రాయం.

ఒకటి చేసి చూద్దాం:

```
F  = A + B·(C' + D·E)
F  = A + (B·(C' + (D·E)))
Fd = A·(B + (C'·(D + E)))
F' = A'·(B' + (C·(D' + E')))
```

రెండో లైన్‌లో దాక్కున్న బ్రాకెట్లు బయటపెట్టాం, మూడోది డ్యూయల్, నాలుగోది కాంప్లిమెంట్. ఇప్పుడు రెండో లైన్ ఎగ్గొట్టి గుర్తులు మాత్రమే మార్చేవాళ్ళకి `A'·` తర్వాత బ్రాకెట్ రాదు, `A'·B' + C·D' + E'` లాంటిది వస్తుంది. A=1, మిగతావన్నీ 0 పెట్టండి. F విలువ 1 కాబట్టి కాంప్లిమెంట్ 0 రావాలి, కానీ ఇందులో E' వల్ల 1 వస్తోంది. ఈ ఒక్క రో చాలు తప్పు పట్టుకోడానికి.

ఇంకో తప్పు, మూడో లైన్ దగ్గరే ఆగిపోయి అదే కాంప్లిమెంట్ అనుకోవడం. A=B=1 పెడితే F, Fd రెండూ 1, మరి ఒకదానికొకటి కాంప్లిమెంట్ ఎలా అవుతాయి? డ్యూయాలిటీని ష్రోడర్ 1877లోనే ముందుకు తెచ్చినా, అది తనంతట తాను ఇన్వర్ట్ చెయ్యదు, లిటరల్స్ కూడా తిప్పితేనే F' వస్తుంది.

బార్ విరగ్గొట్టేవాళ్ళ పద్ధతిలో స్టెప్ స్టెప్‌కీ గ్రూపు కళ్ళ ముందుంటుంది, అదొక సౌకర్యం. కానీ నాలుగైదు లెవెల్స్ నెస్టింగ్ ఉంటే ఎక్స్‌ప్రెషన్ మొత్తం నాలుగైదు సార్లు తిరిగి రాయాలి, మధ్యలో ఒక్క ప్రైమ్ జారిపోయినా తెలీదు. ముందు బ్రాకెట్లన్నీ పెట్టేసుకుంటే షార్ట్‌కట్‌లో ఆ బాధ ఉండదు, మధ్యలో ఎక్స్‌ఓఆర్ ఉంటే మాత్రం దాన్ని ముందే ఆండ్, ఓఆర్‌ల్లోకి విడదీసుకోవాలి.