వెనకాల మాటలు అంత తేలిగ్గా ఎందుకు పోవు?

రద్దీ రోడ్డు మీద తీసిన ఇంటర్వ్యూని బాగుచేయడానికి కూర్చున్నప్పుడు చాలామంది ట్రాఫిక్ మోత చూసి టెన్షన్ పడతారు. నా అనుభవంలో అసలు తలనొప్పి ట్రాఫిక్ కాదు, రెండడుగుల వెనక నిలబడి కబుర్లు చెప్పుకునే జనం.

ఎందుకంటే మోతలోంచి మాటని విడదీసే వాయిస్ ఐసొలేషన్ అనే టూల్ చేసే పని ఇది: శబ్దాన్ని 20, 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూస్తుంది, చిన్న చిన్న గళ్లున్న కాగితంలా దాన్ని పరుచుకుని ఒక్కో గడికీ 0 నుంచి 1 దాకా ఒక విలువ ఇస్తుంది. ఇది మాట అనిపిస్తే 1కి దగ్గరగా, కాదనిపిస్తే 0కి దగ్గరగా. ఏది మాటో ఏది మోతో అది నేర్చుకున్నది శుభ్రమైన మాటల రికార్డింగుల్లో రకరకాల మోతలు కావాలని కలిపి ఇచ్చిన ఉదాహరణల నుంచి. బస్సు ఇంజన్ మోత మాటలా ఉండదు కాబట్టి సులువుగా పోతుంది. కానీ వెనకాల ఆయన మాట్లాడేది కూడా మాటే కదా! మీ అతిథి ఎవరో దానికి తెలియదు. ఎవరి గొంతు గట్టిగా, దగ్గరగా ఉంటే వాళ్లనే ఉంచుతుంది, అంతే.

అందుకే మైక్ ఎంత దూరంలో ఉందన్నది ఆ తర్వాత వాడే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ముఖ్యం. ఆరుబయట దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైక్‌ని 15 సెంటీమీటర్లకు తెస్తే 12 డెసిబెల్స్ లాభం, వెనకాల జనం గొంతులు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. ఆ తేడాయే ఐసొలేషన్‌కి ఆధారం.

మొన్న నా చేతికొచ్చిన 8 నిమిషాల ఇంటర్వ్యూలో ఆ తేడా చాలా తక్కువ. ముందుగా 80 హెర్ట్జ్ దగ్గర, అంతకన్నా కింది శబ్దాలని తగ్గించే హై పాస్ ఫిల్టర్ పెట్టాను, ఇంజన్ల అడుగు మోత కొంత అక్కడే పోయింది. తర్వాత డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో `Voice Isolation` ఆన్ చేసి స్లైడర్ 100 దాకా లాగాను. వినగానే ఎంత హాయిగా ఉందో! రెండోసారి హెడ్‌ఫోన్‌తో వింటే, ఇంటర్వ్యూ ఇచ్చినావిడ "మాకు ఎవరూ చెప్పలేదు" అన్న చోట "చెప్ప" తర్వాత ఏమీ లేదు. తెలుగులో చేశారా, చేయలేదా అన్న సంగతంతా మాట చివరే ఉంటుంది, ఆ చివరే గొంతు తగ్గిపోతుంది. అలా తగ్గిన అక్షరాలు వెనకాల గొంతుల స్థాయికి పడిపోతే, వాటితో పాటే వీటినీ తుడిచేస్తుంది.

ఇలాంటివి పట్టుకోవడానికి నేను వదలని పద్ధతి ఒకటుంది: మిగిలినదాన్ని కాదు, పోయినదాన్ని వినడం. అదే ఫిల్టర్ పెట్టిన అసలు ఆడియోని ఇంకో ట్రాక్‌లో పెట్టి, దాని పోలారిటీ తిరగేసి, అంటే అలని తలకిందులు చేసి, ఐసొలేట్ చేసిన దానితో కలిపి ప్లే చేస్తే రెండింట్లో ఒకేలా ఉన్నది రద్దయిపోయి తీసేసిన భాగమే వినిపిస్తుంది. అందులో హారన్లు, ఎవరివో గొంతులు ఉంటే సరే. మీ అతిథి మాటల ముక్కలు వినపడ్డాయంటే స్లైడర్ ఎక్కువైందని అర్థం. నేను 100 నుంచి తగ్గించుకుంటూ వస్తే 65 దగ్గర "లేదు" వెనక్కి వచ్చింది. జనం కబుర్లు కూడా కొంచెం వచ్చాయి, రానివ్వండి. రోడ్డు మీద నిలబడ్డ మనిషి వెనక రోడ్డు వినిపించడం సహజం, మాటల మధ్య నిశ్శబ్దం వచ్చిపోతుంటేనే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ పెట్టాలనుకుంటే ఇదంతా అయ్యాకే పెట్టండి, ముందే పెడితే చిన్న శబ్దాలన్నీ లేచి కూర్చుంటాయి.

ఈ పరీక్షకి రెండు ఆడియోలూ కాలంలో సరిగ్గా కలవాలి, వాల్యూమ్ కూడా మారకూడదు. కొన్ని మిల్లీసెకన్లు జరిగినా ఏదీ రద్దు కాదు. గొంతుని వడకట్టకుండా కొత్తగా తయారుచేసి ఇచ్చే రకం టూల్స్ కూడా ఉన్నాయి, వాటి దగ్గర ఈ పరీక్ష పనిచేయదు, ఎందుకంటే వచ్చిన గొంతు అసలు గొంతుతో అలకి అల సరిపోదు. ఇంటర్వ్యూలకి వాటిని వాడాలంటే నాకు భయం. వినపడని చోట పోలికతో పూరిస్తాయి, అది ఆ మనిషి అన్న మాట కాకపోవచ్చు. వాడక తప్పకపోతే ప్రతి వాక్యాన్నీ అసలు రికార్డింగ్‌తో పక్కపక్కన పెట్టి వినాల్సిందే.

ఆ ఇంటర్వ్యూలో ఒకచోట సరిగ్గా ఒక ఊరి పేరు మీద లారీ హారన్ పడింది. ఆ గళ్లలో హారన్ గొంతుకన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉంది, అక్కడ బయటికి లాగడానికి మాట మిగల్లేదు. స్లైడర్ ఎంత జరిపినా ఆ పేరు రాలేదు. చివరికి ఆవిడకి ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాను, హారన్‌ని అలాగే ఉంచి కింద సబ్‌టైటిల్‌లో ఊరి పేరు వేశాను.