పుట్టికి లేని పేరు మరబోటుకు ఎందుకొచ్చింది

కృష్ణ ఒడ్డున సంగమేశ్వరం వైపు వెళ్ళినవాళ్ళు గమనించే ఉంటారు. ఒడ్డున బోర్లించిన పుట్టికి, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవకు, పేరుండదు, పక్కనే కట్టేసిన మరబోటు మీద మాత్రం ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో ఒక దేవుడి పేరు, దాని కింద ఓనరు పేరు, ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా ఉంటాయి. ఒకే నీళ్ళ మీద తిరిగే రెండింటికి ఈ తేడా ఎందుకు అని అడిగితే, పుట్టి చిన్నది కదా అనేస్తారు. కానీ అసలు కారణం సైజు కాదని నా అభిప్రాయం.

పుట్టి మన నదులకు కొత్తదేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం తుంగభద్రను బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో దాటడం చూసి రాసుకున్నాడు. లోపల బెత్తం, బయట తోలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది పడతారు, తెడ్డు వేస్తే నేరుగా పోక గిరగిరా తిరుగుతూ పోతాయి అని. ఆ నదే కర్నూలు మీదుగా వచ్చి కింద కృష్ణలో కలుస్తుంది. తోలు పోయి తారు పూత, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి గానీ ఆకారం మారలేదు. అలాంటి పుట్టిని ఒక మనిషి నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు మోసుకుపోతాడు, వెదురు పాడైతే ఇంకోటి అల్లుకుంటాడు. అది నడిపేవాడి పేరుతోనే తెలుస్తుంది, ఎల్లప్ప పుట్టి, మద్దిలేటి పుట్టి అని. ఎక్కేవాళ్ళందరికీ ఎల్లప్ప తెలిసినప్పుడు పుట్టికి వేరే పేరుతో పనేముంది?

రేవుల సంగతీ ఇంతే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, 1890లో, మద్రాసు కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం వచ్చింది. ఆ తర్వాత చాలా కాలం రేవును వేలం పాడుకోవడమే పద్ధతి. పాటలో గెలిచింది ఎవరు, మనిషికెంత, గొడ్డుకెంత అనేదే జనానికి ముఖ్యం. దస్తావేజుల్లో రేవుకు పేరుంటుంది, పాటదారుకు పేరుంటుంది, ఆ రేవులో తిరిగే పడవ ఏదైనా ఒకటే.

శ్రీశైలం ప్రాజెక్టుతో లెక్క మారింది. 1980ల మొదట్లో నీళ్ళు నిలబెట్టడంతో వందకు పైగా ఊళ్ళు మునిగాయి, సంగమేశ్వరాలయమూ మునిగింది. పూర్తి మట్టం 885 అడుగులు, గుడి బయటపడాలంటే నీళ్ళు 838 అడుగుల దరిదాపుల్లోకి దిగాలి. అందుకే ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్ళలోనే ఉంటుంది. ఇదివరకు వేసవిలో నడిచి దాటిన చోట ఇప్పుడు మైళ్ళ వెడల్పు నీళ్ళు, గాలి లేస్తే అలలు. తెడ్డుతో పనికాదు కాబట్టి ఇంజన్ వచ్చింది. ఇంజన్‌తో పాటు పెట్టుబడి, అప్పు, పోటీ వచ్చాయి. కోస్తా నుంచి చేపల వేటకు వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్ళూ వచ్చారు. వాళ్ళది సముద్రం అలవాటు. అక్కడ హార్బర్‌లో ఒకేలాంటి బోట్లు వందల్లో నిలబడతాయి, వైర్‌లెస్‌లో పిలవాలి, కాబట్టి నూకాలమ్మ అనో పోలమ్మ అనో పేరు లేకపోతే గడవదు. మనవాళ్ళు వాళ్ళను చూసే పేర్లు పెట్టడం మొదలుపెట్టారని చెప్పలేను గానీ, అవసరం మాత్రం అదే. ఎక్కేవాడికి నడిపేవాడు తెలియనప్పుడే పడవకు పేరు కావాలి. జాతరకు వచ్చే భక్తుడు, ఫొటోల కోసం వచ్చే టూరిస్టు, తనిఖీకొచ్చే అధికారి, వీళ్ళెవరికీ ఎల్లప్ప తెలియడు.

ఇక పేరు ఎలా తేలుతుందో ఒక ఉదాహరణగా చూద్దాం. ఓనరుది శతభిష నక్షత్రం అనుకోండి. పంచాంగం ప్రకారం అక్షరాలు గో, స, సి, సు. ఇంట్లో వాళ్ళు సాయి అంటారు, కానీ ఆ రేవులోనే సాయి పేరుతో ఇంకో రెండు బోట్లున్నాయి, అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా సాయి బోటు అని కేకేస్తే ఎవరిని పిలిచినట్టు? కూతురి పేరు సుజాత పెడదామంటే, రేపు పెళ్ళై పోయాక, లేదా బోటు అమ్ముకున్నాక, ఆ పిల్ల పేరుతో పరాయివాడు తిప్పుతాడని తల్లి ఒప్పుకోదు. సిద్ధేశ్వర బాగుంది, మన ఒడ్డు పేరే. అక్కడ పెయింటర్ అడ్డం పడతాడు. బోటు ముందు భాగంలో పలక వెడల్పు తక్కువ, ద్ధే, శ్వ రెండింటికీ ఒత్తులు కిందికి దిగుతాయి, అక్షరం పెద్దగా రాస్తే ఒత్తు నీటి గీత దగ్గరికొచ్చి, లోడు ఎక్కగానే మునిగి, నాలుగు నెలల్లో పాకుడు పట్టి చెరిగిపోతుంది. చిన్నగా రాస్తే ఒడ్డు నుంచి కనబడదు. సంగమేశ్వరలోనూ శ్వ ఉంది, కానీ ఒక్క ఒత్తే కాబట్టి సర్దుకోవచ్చు. పైగా అవతల కొల్లాపూర్ వైపు జనానికీ ఆ దేవుడి మీద గురి ఉంది. రెండు ఒడ్డుల మనుషులూ ఎక్కాలి కదా, 2014 తర్వాత అవి రెండు రాష్ట్రాలు కూడా. చివరికి సంగమేశ్వర ఖాయమవుతుంది. పసుపు, కుంకుమ, మామిడాకులు, ముందు భాగాన నిమ్మకాయలు, గంగమ్మకు ఒక కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోస్తారు.

చట్టానికి మాత్రం ఈ గొడవ పట్టదు, దానికి కావలసింది నంబరు. 1917 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం స్థానంలో 2021 చట్టం వచ్చింది, 2022లో అమల్లోకి వచ్చింది. ఇంజన్ ఉన్న బోటుకు సర్వే, అంటే బోటు తనిఖీ, దాంతో పాటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రిజిస్ట్రేషన్ గుర్తు బయటికి కనబడేలా ఉండాలి. ఇంజన్ లేని పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. అంటే కాగితం మీద చూస్తే ఎల్లప్ప పుట్టి కూడా లెక్కలోకి రావాల్సిందే, మన రేవుల్లో అది ఎంతవరకు జరుగుతుందో మీరే ఊహించుకోండి.

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో ప్రమాదాలప్పుడు తెలుస్తుంది. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు పేరు రాయల్ వశిష్ఠ, ఈరోజుకీ చాలామందికి గుర్తుంది. అది టూరిస్టు బోటు, పేరు మీదే వ్యాపారం. 2007 జనవరిలో మన కృష్ణలో, సింగోటం జాతర రోజుల్లో, నెహ్రూనగర్ వైపు జనంతో వెళ్ళిన పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. దాని గురించి మాట్లాడేవాళ్ళు ఊరి పేరు చెబుతారు, జాతర పేరు చెబుతారు, పడవకు పేరుందో లేదో కూడా ఎవరూ ఎత్తరు. అలాంటి బోటు తర్వాత ఎవరి చేతికైనా మారితే మొదట చెరిపేది పేరే. అశుభం పోవాలని కొందరు, బేరం పోకూడదని కొందరు. డబ్బా రంగు, ఒక పూట పని, సాయంత్రానికి అది ఇంకో దేవుడి బోటు. రిజిస్ట్రేషన్ నంబరైతే అంత సులభంగా మారదు, దాని వెనక సర్వే కాగితం, ఎంతమందిని ఎక్కించాలో లెక్క ఉంటాయి. అందుకే బోటెక్కే ముందు దేవుడి పేరు ఎలాగూ కనబడుతుంది గానీ, దాని కింద నంబరుందా, ఉంటే ఎంతమందికి అనుమతి అని అడగండి. ఓనరు విసుక్కున్నా ఫరవాలేదు.